“లిఫ్ట్ ఉందా?” అని అడిగితే సరిపోదు: అమ్మానాన్నలతో ఇల్లు చూడబోయే ముందు ఓనరుకు ఏం రాయాలి

నల్లగొండలో అద్దె ఇల్లు వెతికిన మొదటి ఆదివారమే మేం ఒక తప్పు చేశాం. దేవరకొండ వైపున్న మా ఊరి నుంచి అమ్మానాన్నలను పట్నానికి తెద్దామనుకున్నాం. అమ్మకు తుంటి ఎముక ఆపరేషనయి నాలుగు నెలలు, వాకర్ పట్టుకొని నడుస్తుంది. నాన్నకు మోకాళ్ల నొప్పులు. టు-లెట్ బోర్డు మీది నంబరుకు ఫోన్ చేసి “లిఫ్ట్ ఉందాండీ?” అంటే “ఉంది, రండి” అన్నారు. ఇద్దరినీ కారెక్కించుకొని వెళ్లాం. లిఫ్ట్ నిజంగానే ఉంది. కానీ అది నాలుగో అంతస్తు దాకానే. ఇల్లేమో ఆపైన డాబా మీద వేసిన పెంట్‌హౌస్. నాన్న ఆగి ఆగి పద్దెనిమిది మెట్లు ఎక్కారు. అమ్మ లిఫ్ట్ పక్కనే వాచ్‌మన్ ఇచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండిపోయింది.

ఓనరు అబద్ధమేమీ చెప్పలేదు. మేం అడిగినదానికి సరైన జవాబే ఇచ్చాడు. మేం అడగాల్సింది లిఫ్ట్ గురించి కాదు, మెట్ల గురించి. ఆటో దిగిన చోటు నుంచి మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లు? ఆ తర్వాత మేం ఓనర్లకు రాసిన ప్రతి మెసేజ్ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఫోన్లో కాకుండా రాతలో అడగడానికి కారణం కూడా చెప్తాను. ఫోన్లో ప్రతి ఓనరూ “అన్నీ ఉన్నాయి సార్” అంటాడు, మనం కూడా మొహమాటానికి “సరే సరే” అంటాం. రాసి అడిగితే ఆయన ఒకసారి లేచి వెళ్లి లెక్కపెట్టే అవకాశముంది. పైగా హైదరాబాద్‌లో ఉన్న నేనూ, మిర్యాలగూడలో ఉన్న అక్కా ఒకే జవాబు చదవగలం.

ముందు ఇంట్లో కొలతలు తీసుకోండి

ఓనరుకు రాసేముందు మీ లెక్క మీకు తెలియాలి. సాయంత్రం పూట, అంటే కాళ్లు అలసిపోయిన వేళ, అమ్మానాన్నలు ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరో చూడండి. పొద్దున చూస్తే లెక్క తప్పుతుంది. మా అమ్మ ఒక చేత్తో రెయిలింగ్, ఇంకో చేత్తో మనిషిని పట్టుకొని ఎనిమిది మెట్లు ఎక్కగలిగింది. రెయిలింగ్ లేకపోతే రెండే. ఈ తేడా చూశాకే రెయిలింగ్ గురించి విడిగా అడగాలని తట్టింది.

తర్వాత వాకర్ కాళ్ల బయటి అంచుల మధ్య వెడల్పు టేపుతో కొలవండి. మాది ఇరవై రెండు అంగుళాలు. వీల్‌చైర్ వాడితే దానిదీ కొలవాలి, మామూలుగా చేత్తో తోసే కుర్చీ ఇరవై ఐదు అంగుళాల అటూ ఇటూ ఉంటుంది. చిన్న అపార్ట్‌మెంట్లలో ఉండే నలుగురు, ఆరుగురి లిఫ్టుల తలుపు తెరుచుకుంటే సాధారణంగా 70 సెంటీమీటర్లు, అంటే ఇరవై ఏడున్నర అంగుళాలు. తలుపులోంచి కుర్చీ పడుతుంది కానీ చక్రం మీద చేతులు పెట్టుకొని కూర్చుంటే వేళ్లు నలిగేంత ఇరుకు. కుర్చీతోపాటు ఇంకో మనిషి లోపల నిలబడగలడా అన్నది వేరే సంగతి. నలుగురి లిఫ్టులో చాలాసార్లు నిలబడలేడు.

మొదటి మెసేజ్: మనమెవరమో ముందు, ప్రశ్నలు తర్వాత

ఓనరుకు కూడా కొన్ని సందేహాలుంటాయి. ఎంతమంది ఉంటారు, ఏం పని చేస్తారు, అద్దె నెలనెలా వస్తుందా, ఎన్నాళ్లుంటారు. ఇవి చెప్పకుండా నేరుగా పది ప్రశ్నలు వేస్తే “ఈళ్లతో మనకెందుకు” అనుకొని ఊరుకుంటాడు. మాకు ఇద్దరు అలాగే జవాబివ్వలేదు. అందుకని మొదటి కొన్ని వాక్యాలు ఆయన కోసం, మిగతావి మన కోసం. ఆరు ప్రశ్నలు దాటొద్దు.

ఆరోగ్యం సంగతి ఎంత చెప్పాలన్న దాని మీద మా ఇంట్లో గొడవే అయ్యింది. “ఆపరేషన్ అని చెప్తే ఇల్లియ్యరు” అన్నది అక్క. నా అభిప్రాయం వేరు. మెట్లు ఎక్కలేరన్న ఒక్క మాట చెప్పాల్సిందే, లేకపోతే మనం అడిగేవన్నీ ఆయనకు అర్థంపర్థం లేని ప్రశ్నల్లా కనిపిస్తాయి. రిపోర్టులు, జబ్బుల పేర్లు మాత్రం అక్కర్లేదు. మేం పంపింది ఇది:

> సార్ నమస్తే. మీ డబుల్ బెడ్‌రూం టు-లెట్ బోర్డు చూశాం. ఉండేది మా అమ్మ, నాన్న ఇద్దరే, వారం వారం నేనో మా అక్కో వచ్చి పోతుంటాం. నాన్న రిటైర్డ్ ఉద్యోగి, పెన్షన్ వస్తుంది. రెండు మూడేళ్లు ఉండాలని అనుకుంటున్నాం. అమ్మ వాకర్‌తో నడుస్తుంది, ఎక్కువ మెట్లు ఎక్కలేదు. అందుకే వచ్చి చూసేముందు ఈ నాలుగైదు సంగతులు చెప్పగలరా:
>
> 1. గేటు ముందు ఆటో దిగితే, ఇంటి తలుపు దాకా మొత్తం ఎన్ని మెట్లు? (లిఫ్ట్ దగ్గరికి వెళ్లే మెట్లు కూడా కలిపి)
> 2. ఇల్లు పార్కింగ్ మీద ఎన్నో అంతస్తు? లిఫ్ట్ ఆ అంతస్తులోనే ఆగుతుందా?
> 3. కరెంటు పోతే లిఫ్ట్ నడుస్తుందా? గత ఆరు నెలల్లో రిపేరుకని ఎన్ని రోజులు ఆగింది?
> 4. మెట్లకు రెయిలింగ్ ఉందా?
> 5. బాత్‌రూంలో వెస్ట్రన్ కమోడ్ ఉందా?
> 6. దగ్గర్లోని మెడికల్ షాపు పేరు, ఇంటి లొకేషన్ పంపగలరా?
>
> వీలుంటే గేటు నుంచి ఇంటి తలుపు దాకా నడుస్తూ ఆపకుండా ఒక చిన్న వీడియో తీసి పంపితే చాలా మేలు. పెద్దవాళ్లను ఊరికే తిప్పకుండా ఉంటుంది. థాంక్యూ సార్.

రెండో ప్రశ్నలో “పార్కింగ్ మీద” అని రాయడానికి కారణముంది. ఒకరికి ఫస్ట్ ఫ్లోర్ అంటే కింది ఇల్లు, ఇంకొకరికి ఫస్ట్ ఫ్లోర్ అంటే దాని పైది. అపార్ట్‌మెంట్లలో కిందంతా బండ్లే, మొదటి ఇల్లే ఒక అంతస్తు ఎత్తున ఉంటుంది. “ఎన్నో ఫ్లోర్” అని మాత్రమే అడిగితే పద్దెనిమిది నుంచి ఇరవై మెట్లు తేడా వచ్చేస్తుంది. పార్కింగ్‌ను సున్నాగా పట్టుకొని అడిగితే ఆ గందరగోళం ఉండదు.

వీడియో అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. ప్రస్తుతం ఎవరైనా అద్దెకుంటే ఇంటి లోపలి వీడియో అడగొద్దు, వాళ్లకు ఇబ్బంది. గేటు నుంచి తలుపు దాకా చాలు. “ఆపకుండా” అన్న మాట మాత్రం తప్పక రాయండి. ముక్కలు ముక్కలుగా తీస్తే మధ్యలో మెట్లు మాయమవుతాయి. కావాలని ఎవరూ చేయరు, రోజూ ఎక్కే మనిషికి ఆ మూడు మెట్లు కంటికి ఆనవు.

జవాబును ఎలా చదవాలి

మూడు ఇళ్ల నుంచి జవాబులొచ్చాయి. మొదటిది హైదరాబాద్ రోడ్డుకు కాస్త లోపలున్న అపార్ట్‌మెంట్. ఓనరు జవాబు ఇంతే: “లిఫ్ట్ ఉంది. సెకండ్ ఫ్లోర్. కరెంటు పోతే ప్రాబ్లం లేదు. అన్నీ దగ్గరనే.”

ఇందులో ఒక్కటే సమాచారం ఉంది, సెకండ్ ఫ్లోర్ అని. మిగతా మూడింటికీ మళ్లీ అడగాలి, కోపం రాకుండా.

“కరెంటు పోతే ప్రాబ్లం లేదు” అన్నమాటకు మూడు అర్థాలుండొచ్చు. ఒకటి, జనరేటర్ మీద లిఫ్ట్ కూడా నడుస్తుంది. రెండు, జనరేటర్ ఉంది కానీ కారిడార్ లైట్లకు, నీళ్ల మోటారుకు మాత్రమే. మూడు, లిఫ్టుకు ఏఆర్‌డీ అనే బ్యాటరీ పెట్టె ఉంది. ఈ మూడోది చాలామందికి తెలియదు. కరెంటు పోగానే ఏఆర్‌డీ లిఫ్టును దగ్గర్లోని అంతస్తుకు తెచ్చి తలుపు తెరుస్తుంది, అంతే. లోపల ఇరుక్కుపోయే టెన్షన్ తప్పుతుంది కానీ కరెంటు వచ్చేదాకా లిఫ్ట్ నడవదు. అమ్మ మూడో అంతస్తుకని ఎక్కితే ఒకటో అంతస్తులో దించేసి ఊరుకుంటుంది. కాబట్టి ఇలా అడగాలి: “సార్, కరెంటు పోయినప్పుడు కింద నుంచి లిఫ్ట్ బటన్ నొక్కితే వస్తుందా?” దీనికి అవును, కాదు తప్ప వేరే జవాబు లేదు.

వీడియో వచ్చింది. చూస్తే ఇంకో సంగతి బయటపడింది. లిఫ్ట్ తలుపు తనంతట తాను తెరుచుకునేది కాదు, చేత్తో లాగే ఇనుప గ్రిల్. పాత లిఫ్టులు ఇలాగే ఉంటాయి. దీంతో రెండు ఇబ్బందులు. వాకర్ మీద రెండు చేతులూ ఉన్న మనిషి గ్రిల్ లాగలేదు, తోడు లేకుండా లిఫ్ట్ వాడలేదన్నమాట. రెండోది, పై అంతస్తులో ఎవరైనా గ్రిల్ సరిగా మూయకుండా వెళ్తే లిఫ్ట్ అక్కడే ఆగిపోతుంది, కిందున్నవాళ్లు ఎంత నొక్కినా రాదు. “ఎవరయ్యా తలుపు వేయనిది!” అని మెట్ల దగ్గర అరుపు వినని అపార్ట్‌మెంట్ మనకు తెలిసి ఉండదు. దీనికోసం ముందే “లిఫ్ట్ తలుపు ఆటోమేటిక్కా, చేత్తో లాగేదా” అని ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది. మొదటి మెసేజ్‌లో మాకు తట్టలేదు.

రిపేరు రోజులకు ఓనరు జవాబు “అప్పుడప్పుడు” అని. నేను మళ్లీ రాశాను: “చివరిసారి ఎప్పుడు ఆగింది సార్, ఎన్ని రోజులకు బాగు చేశారు?” పోయిన నెల నాలుగు రోజులని చెప్పారు. మెయింటెనెన్స్ కంపెనీతో కాంట్రాక్టు లేదట, పాడైనప్పుడల్లా ఫ్లాట్లవాళ్లు డబ్బులు జమ చేసి మెకానిక్‌ను పిలుస్తారు. డబ్బులు జమయ్యేదాకా లిఫ్ట్ ఆగినట్టే. ఈ ఒక్క వాక్యంతో ఆ ఇంటి గురించి నాకు తేలిపోయింది. రెండో అంతస్తుకు ముప్పై ఆరు మెట్లు, అమ్మ శక్తి ఎనిమిది. లిఫ్ట్ ఆగిన నాలుగు రోజులూ అమ్మ ఇంట్లో బందీయే. ఫిజియోథెరపీకి పోవడం అటుంచి, రాత్రి దవాఖానకు తీసుకుపోవాల్సి వస్తే కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోయాలి.

అందుకే పెద్దవాళ్లకు ఇల్లు చూస్తున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే లెక్క: లిఫ్ట్ లేదనుకొని ఆ అంతస్తును చూడండి. ఆ మెట్లు కష్టపడైనా ఎక్కగలరనుకుంటేనే లిఫ్ట్ ఇంటికి వెళ్లండి. లిఫ్ట్ రోజూ ఉపయోగపడుతుంది కానీ అవసరమైన రోజున ఉంటుందని భరోసా లేదు.

“దగ్గరనే” అంటే ఎంత?

అన్నీ దగ్గరనే అన్న మాటను ఇంకో ప్రశ్నతో సాగదీయకండి. లొకేషన్ తెప్పించుకొని మీరే మ్యాపులో చూసుకోండి, బండి దారి కాకుండా నడక దారి పెట్టి. మ్యాపు చెప్పలేనివి మాత్రమే ఓనరును అడగండి. మాకు అలాంటివి మూడు తేలాయి.

మొదటిది, ఆటో గేటు దాకా వస్తుందా, 108 బండి గల్లీలోకి తిరుగుతుందా. ప్రకాశం బజార్ చుట్టుపక్కల పాత గల్లీల్లో ఇల్లు మంచిదే దొరుకుతుంది, గల్లీ మొదట్లో ఎవరో బండి నిలిపితే ఆటో కూడా దూరదు. “పెళ్లిళ్లప్పుడు టెంపో గేటు దాకా వస్తుందా సార్?” అని అడగండి. ఈ ప్రశ్నకు ఓనర్లు ఠక్కున నిజం చెప్తారు.

రెండోది, మెడికల్ షాపు రాత్రి ఎన్నింటి దాకా తెరిచి ఉంటుంది. దూరం కన్నా ఇదే ముఖ్యం.

మూడోది తాగే నీళ్లు. నల్లగొండ జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తాగడానికి కృష్ణా నీళ్ల నల్లా ఉందా అని అందరూ అడుగుతారు, ఉందనే అంటారు. అడగాల్సింది ఆ నల్లా ఎక్కడుంది అని. చాలా ఇళ్లలో పైపోర్షన్ వంటింట్లో వచ్చేది ట్యాంకులోని బోరు నీళ్లే, కృష్ణా నల్లా కింద సంపు దగ్గర ఉంటుంది. నీళ్లు వచ్చే వేళకు బిందెలు పట్టి పైకి మోసుకోవాలి. పదిహేను లీటర్ల బిందెను మోకాళ్ల నొప్పులున్న నాన్న మోస్తారా? అంతస్తు ప్రశ్నకు దీంతో ఇంకో మెలిక పడుతుంది.

లిఫ్ట్ లేని ఇల్లు ముందుకొచ్చింది

రెండో జవాబు రామగిరి వైపున్న ఒక ఇండిపెండెంట్ ఇంటి నుంచి. ఓనరు రిటైర్డ్ టీచర్, పై పోర్షన్లో తాము ఉండి కిందిది అద్దెకిస్తున్నారు. టైపు చేయడం ఆయనకు ఇష్టం లేదు, ఫోనే చేశారు. “రాసుడు నాతోని కాదు బిడ్డా, అడుగు, చెప్త” అన్నారు.

ఇలాంటి చోట రాతను వదిలేయొద్దు. మాట్లాడాక మనమే రాసి పంపాలి. నేను పంపింది: “సార్, ఫోన్లో మీరు చెప్పినవి రాసుకున్నాను. గ్రౌండ్ ఫ్లోర్, గేటు నుంచి వరండాకు ఆరు మెట్లు, రెయిలింగ్ లేదు. కృష్ణా నల్లా వరండా పక్కనే. ఆటో గేటు దాకా వస్తుంది. వెస్ట్రన్ కమోడ్ ఒక బాత్‌రూంలో ఉంది. ఏదైనా తప్పుంటే చెప్పండి.” పది నిమిషాలకు “కరెక్ట్” అని ఒక్క మాట వచ్చింది. ఇక మాకు ఆ ఒక్క మాటే చాలు.

గ్రౌండ్ ఫ్లోర్‌కు ఆరు మెట్లా అని అక్క ఆశ్చర్యపోయింది. మన దగ్గర ఇది మామూలే. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది, వాన నీళ్లు ఇంట్లోకి రావొద్దని పునాదే మూడడుగులు లేపి కడతారు. గ్రౌండ్ ఫ్లోర్ అనగానే మెట్లు లేవనుకోవడం రెండో పెద్ద పొరపాటు.

సార్ మంచి మనిషి, “ర్యాంపు పోయిస్త తీయ్” అన్నారు. ఇక్కడ లెక్క వేసుకోవాలి. వీల్‌చైర్‌ను కాని, వాకర్‌తో మనిషిని కాని భయం లేకుండా ఎక్కించాలంటే ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు ఉండాలి. ఆరు మెట్లు, ఒక్కోటి ఆరు అంగుళాలు, మొత్తం మూడడుగుల ఎత్తు. అంటే ముప్పై ఆరు అడుగుల ర్యాంపు. ఆ ఇంటి ముందు గేటుకూ మెట్లకూ మధ్య ఉన్నది తొమ్మిది అడుగులు. తొమ్మిది అడుగుల్లో పోస్తే అది స్కూటర్ ఎక్కించుకునే ఏటవాలు అవుతుంది, వాకర్ ముందుకు జారుతుంది. ర్యాంపు వద్దని చెప్పి, మెట్లకు రెండు వైపులా పైపు రెయిలింగ్ అడిగాం. ఖర్చు మేం పెట్టుకుంటామని, ఖాళీ చేసేటప్పుడు తీసుకుపోబోమని రాశాం. ఒప్పుకున్నారు.

మూడో జవాబు మళ్లీ ఒక పెంట్‌హౌస్. “లిఫ్ట్ ఆ అంతస్తులోనే ఆగుతుందా?” అన్న ప్రశ్నతోనే అది తేలిపోయింది. మర్యాదగా థాంక్స్ చెప్పి వదిలేశాం.

వెళ్లిన రోజు

రామగిరి ఇంటికి మొదట నేనూ అక్కా ఇద్దరమే వెళ్లాం, అమ్మానాన్నలను తీసుకెళ్లలేదు. చేతిలో ఫోను, టేపు. మెసేజ్‌లో రాసుకున్నవాటిని ఒక్కొక్కటిగా చూశాం. ఆరు మెట్లు ఆరే ఉన్నాయి. అయితే మొదటిది తొమ్మిది అంగుళాలుంది, రోడ్డు వైపు సిమెంటు అరిగిపోయి. ఒక వరస ఇటుకలతో చిన్న మెట్టు కడితే ఏడు మెట్లవుతాయి, అదే మేలు.

బాత్‌రూం తలుపు దగ్గర మాత్రం దెబ్బతిన్నాం. కమోడ్ ఉంది, కానీ బాత్‌రూం నేల బెడ్‌రూం కన్నా నాలుగు అంగుళాలు కిందికుంది, పైగా గడప. తలుపు తెరిస్తే వాకర్ దూరేంత సందు ఉంది కానీ గడప మీంచి ఎత్తి దించాలి. మేం అడిగింది కమోడ్ ఉందా అని మాత్రమే, గడప గురించి అడగలేదు కాబట్టి సార్‌ను తప్పుపట్టడానికి లేదు. మా మెసేజ్‌లో ఐదో ప్రశ్నను ఆ రోజే మార్చాం, మీరు ఇలాగే రాయండి: “బాత్‌రూంలోకి వెళ్లేటప్పుడు గడప ఎంత ఎత్తు, నేల ఎంత కిందికుంది, తలుపు పూర్తిగా తెరిస్తే ఎన్ని అంగుళాల దారి ఉంది? ఒక ఫోటో పంపగలరా?”

గడప తీయించొచ్చా అంటే సార్ కాస్త ఆలోచించారు. తీస్తే నీళ్లు బెడ్‌రూంలోకి వస్తాయన్నారు, నిజమే. చివరికి గడప వదిలేసి, తలుపు చట్రానికి లోపలా బయటా పట్టుకోవడానికి ఒక్కో స్టీలు కడ్డీ బిగించుకోవడానికి, కమోడ్ పక్క గోడకు ఇంకోటి వేసుకోవడానికి ఒప్పుకున్నారు. టైల్స్‌కు డ్రిల్లు పెట్టాలి కాబట్టి ఇది నోటిమాటగా వదిలేయలేదు. రెయిలింగ్, మూడు స్టీలు కడ్డీలు, కింద కట్టే ఒక మెట్టు, వీటికి అడ్వాన్సులో కోత ఉండదని వాట్సాప్‌లో రాసి “సరే” అనిపించుకొని, అదే మాటను అగ్రిమెంటులో కూడా ఒక వాక్యంగా చేర్పించాం.

ఆ మరుసటి ఆదివారం, రెయిలింగ్ బిగించాక, అమ్మను తీసుకొచ్చాం. సార్ పైనుంచి దిగి వచ్చి గేటు తీశారు. అమ్మ మెట్ల దగ్గర ఆగి, రెయిలింగ్‌ను ఒకసారి ఊపి చూసి, “గట్టిగనే ఉన్నది” అని వాకర్ నా చేతికిచ్చింది.